బొమ్మ కదలకముందే మొదలయ్యే కథ

2023 అక్టోబర్ 13న యూట్యూబ్‌లో ‘ది అమేజింగ్ డిజిటల్ సర్కస్’ అనే యానిమేషన్ సిరీస్ తొలి భాగం విడుదలైంది. గూస్‌వర్క్స్ అనే కళాకారిణి ఆలోచన అది, నిర్మాణం ఆస్ట్రేలియాకు చెందిన గ్లిచ్ ప్రొడక్షన్స్‌ది. ముందు టీవీలో వచ్చి పేరు తెచ్చుకున్న సిరీస్ కాదు. అయినా ఆ ఒక్క భాగాన్నే ఇప్పటికి 30 కోట్ల సార్లకు పైగా చూశారు. మరుసటి ఏడాది నెట్‌ఫ్లిక్స్ కూడా దాన్ని తన ప్రేక్షకులకు అందించింది.

ఆ భాగం ఎలా మొదలవుతుందో గమనిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. తల ఉండాల్సిన చోట రెండు దవడలు, ఆ దవడల మధ్య రెండు కళ్లు ఉన్న సర్కస్ మాస్టర్ ఒకడు నేరుగా మనవైపు తిరిగి స్వాగతం చెబుతాడు. సిరీస్ పేరు అతని నోటి నుంచే వినబడుతుంది. వెంటనే పాత్రలన్నీ కలిసి పాట అందుకుంటాయి. ఆ పాట పూర్తయ్యేసరికి ఎక్కడినుంచో ఒక కొత్త అమ్మాయి మధ్యలో వచ్చి పడుతుంది. తలకు పెట్టుకున్న హెడ్‌సెట్ తీసేద్దామని చూస్తే అది చేతికి తగలదు. ఇక అక్కడినుంచి బయటపడే దారి లేదని ఆమెకూ మనకూ ఒకేసారి అర్థమవుతుంది.

ఇది చూసి చాలామంది కొత్త యానిమేటర్లు తమ సిరీస్‌కూ ఒక టైటిల్ సాంగ్ చేయించి ముందు పెడుతుంటారు. అసలు విషయం పాట కాదు. అక్కడ పాట కథలో భాగం. వింత మనిషి, వింత లోకం మొదటి క్షణంలోనే కళ్ల ముందుకొచ్చాయి, ఆ తర్వాతే పాట వచ్చింది, ఆ పాటలోకే ఆపద వచ్చి పడింది. వీడియో పేరు ఏ సర్కస్ గురించి చెప్పిందో ఆ సర్కస్ తెర మీద కనబడటానికి ఎవరూ ఎదురుచూడాల్సిన పని లేకపోయింది.

వీడియో పేరు, థంబ్‌నెయిల్, మొదటి పది సెకన్లు అనే ఈ మూడింటినీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషులు, హడావుడిగా చేయడం మన దగ్గర మామూలైపోయింది. సినిమా అంతా రెండర్ అయ్యాక, అప్‌లోడ్ నడుస్తుండగా ఒకరు పేరు టైపు చేస్తారు. వీడియోలోంచి ఒక ఫ్రేమ్ పట్టుకుని మరొకరు థంబ్‌నెయిల్ చేస్తారు. మొదటి పది సెకన్లు ఎలాగూ ఎప్పుడో అయిపోయాయి, అందులో కంపెనీ లోగో తిరుగుతూ ఉంటుంది. ఈ వరుస పూర్తిగా తిరగబడాలి. కారణం చాలా సాదా అయినది. విడుదలయ్యాక పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. థంబ్‌నెయిల్ కూడా అంతే. కానీ అదే లింకు మీద కొత్త వీడియో ఫైలు పెట్టడానికి యూట్యూబ్ ఒప్పుకోదు. స్టూడియోలో ఉన్న ఎడిటర్‌తో అనవసరమైన ముక్క కత్తిరించవచ్చేగానీ, కొత్త షాటు కలపలేం. మామూలు వీడియోలు తీసేవాళ్లు కెమెరా ముందు మళ్లీ కూర్చుని ఆరంభం తిరిగి చెప్పుకోగలరు. యానిమేషన్‌లో ఆ వీలు కూడా తక్కువ. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన పది సెకన్లంటే 240 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా 120 బొమ్మలు గీయాలి. అందుకే ఈ మూడూ స్టోరీబోర్డు దశలోనే, యానిమాటిక్ కట్టకముందే తేలిపోవాలి.

ఇది ఎలా జరుగుతుందో చూడటానికి ఒక సిరీస్‌ను ఊహిద్దాం. పేరు ‘ఆఖరి బస్సు’. నంద్యాల వైపు ఒక డిపో నుంచి రాత్రి బయల్దేరే చివరి బస్సు, అందులో ఒక కుర్ర కండక్టర్. ఒక్కో భాగంలో ఒక్కో విచిత్రమైన ప్రయాణికుడు ఎక్కుతాడు. ఒక్కో భాగం పది నిమిషాలు. మొదటి భాగంలో ఒక ముసలావిడ ఎక్కి, శ్రీశైలం జలాశయంలో ఎప్పుడో మునిగిపోయిన తన ఊరికి టికెట్ అడుగుతుంది. ఆ ప్రాజెక్టు కింద నిజంగానే కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎన్నో ఊళ్లు నీళ్లలో కలిసిపోయాయి కాబట్టి ఆ మాట వినగానే అక్కడివాళ్లకు గుండె కలుక్కుమంటుంది. మిగతావాళ్లకు ఆసక్తి పుడుతుంది.

ముందుగా పేరు. అలవాటు ప్రకారం రాస్తే అది ‘ఆఖరి బస్సు | ఎపిసోడ్ 1 | తెలుగు యానిమేషన్ సిరీస్ | తెలుగు కథలు’ అని తయారవుతుంది. ఇందులో తప్పు ఒక్క మాటా లేదు, పనికొచ్చే మాట కూడా ఒక్కటీ లేదు. ‘ఆఖరి బస్సు’ ఎవరికీ ఇంకా తెలియదు. ‘ఎపిసోడ్ 1’ అన్నది కథ సంగతి ఏమీ చెప్పదు. మిగతా మాటలు వేల వీడియోలకు ఉన్నవే. ఫోన్ తెర మీద పేరంతా కనిపించదు, పొడవైతే చివర మూడు చుక్కలు పడి ఆగిపోతుంది. కాబట్టి కథలోని ముడి ముందు రావాలి, సిరీస్ పేరు వెనక్కి వెళ్లాలి. ‘నీట మునిగిన ఊరికి ఒక టికెట్ | ఆఖరి బస్సు 1’ అంటే చాలు. చదివినవాడి మనసులో ఒక ప్రశ్న పుడుతుంది, జవాబు మాత్రం పేరులో లేదు. ‘దెయ్యమై తిరిగొచ్చిన ముసలమ్మ’ అని పెట్టి ఉంటే ప్రశ్నా జవాబూ రెండూ అక్కడే అయిపోయేవి.

తెలుగులో పేరు పెట్టేవాళ్లు గమనించాల్సిన చిన్న లెక్క ఒకటుంది. యూట్యూబ్ పేరుకు 100 అక్షరాల పరిమితి పెట్టింది. కంప్యూటర్ లెక్కలో మన వొత్తులు, గుణింతపు గుర్తులు కూడా ఒక్కొక్కటిగా పడతాయి. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే, లెక్కలో మాత్రం ఆరు. అందువల్ల తెలుగు పేరు అనుకున్నదానికంటే ముందే పరిమితిని తాకుతుంది. ఉన్న చోటును ‘తెలుగు కథలు, నీతి కథలు’ వంటి తోకలతో నింపకుండా, అలాంటి మాటల్ని వీడియో కింద వచ్చే వివరణలోకి దింపేయడం మేలు.

సిరీస్ పేరు ఎప్పటికీ వెనకే ఉండాలని కాదు. డిజిటల్ సర్కస్ తర్వాతి భాగాల పేర్లలో సిరీస్ పేరే ముందు, పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఆ తర్వాత భాగం సంఖ్య, ఆ భాగం పేరు వస్తాయి. జనం ఎదురుచూసేది ఆ సిరీస్ కోసమే కనుక అక్కడ అది సరైన పద్ధతి. కొత్తవాళ్లు ఆ వరుసను మొదటి రోజే అనుకరించడం వల్ల నష్టపోతున్నారు. ‘ఆఖరి బస్సు’ ఏ భాగం దగ్గర ముందుకు రావాలో చెప్పే గుర్తు ఒకటుంది. యూట్యూబ్ లెక్కల్లో ‘జనం ఏం వెతికి వచ్చారు’ అన్న చోట సిరీస్ పేరే కనబడటం మొదలైతే, ఆ సమయం వచ్చినట్టే.

ఇక థంబ్‌నెయిల్. చాలామంది వాడే కొలత 1280 అడ్డం, 720 నిలువు పిక్సెళ్లు. గీసేవాళ్లు ఆ కొలతలో పెద్ద మానిటర్ మీద గీస్తారు. చూసేవాళ్లకు కంప్యూటర్‌లో పక్క వరుసలో అది సుమారు 170 పిక్సెళ్ల వెడల్పున, తపాలా బిళ్లంత కనబడుతుంది. ఈ తేడా మరిచిపోవడం వల్లనే ఎన్నో మంచి బొమ్మలు వృథా అవుతున్నాయి. చిత్తు బొమ్మ గీయగానే దాన్ని ఆ చిన్న కొలతకు కుదించి, ఫోన్‌లో పెట్టి, చేయి చాచినంత దూరం నుంచి చూడాలి. ఎవరు ఉన్నారు, ఏ భావంలో ఉన్నారు అన్న రెండూ తెలియకపోతే ఆ కూర్పు వదిలేయాల్సిందే.

‘ఆఖరి బస్సు’కు మొదట తట్టే బొమ్మ చీకటి రోడ్డు మీద బస్సు, వెనుక కొండలు, పైన చంద్రుడు. పోస్టరుగా అందంగా ఉంటుంది. కుదిస్తే నల్లని మచ్చ. చాలామంది ఫోన్‌ను నల్ల రంగు తెరతో వాడుతున్నారు కాబట్టి ఆ బొమ్మ అంచులు కూడా తెరలో కలిసిపోతాయి. రెండో ఆలోచనలో బస్సు లోపలికి వెళ్లాలి. ఎడమవైపు కండక్టర్ ముఖం, బస్సు దీపం పసుపు వెలుతురు దాని మీద పడుతోంది. కుడివైపు నుంచి ఒక ముడతల చేయి లోపలికి వస్తోంది. ఆ చేతిలో పాత నాణెం, దాని నుంచి నీళ్లు కారుతున్నాయి. కండక్టర్ చూపు నాణెం మీద ఉంది. చూసేవాడి కన్ను మొదట ముఖం మీద పడి, ఆ చూపు వెంట నాణెం దగ్గరికి చేరుతుంది. ముసలావిడ ముఖం కనబడదు. ఆమె ఎవరన్నది వీడియోలో చూడాల్సిందే.

ఈ బొమ్మను వీడియోలోంచి పట్టుకున్న ఫ్రేముతో చేయలేం. కదిలే సన్నివేశంలో ముఖం ఒక భావం నుంచి మరో భావానికి మారుతూ ఉంటుంది, ఏ ఒక్క ఫ్రేమూ పూర్తి భావంతో ఉండదు. అందుకని థంబ్‌నెయిల్ కోసం ఒక భంగిమను విడిగా గీయించాలి. కళ్లు సినిమాలో ఉన్నదానికంటే కొంచెం పెద్దవి, నాణెం కొంచెం ముందుకు, నేపథ్యంలో సీట్లు రెండే. పాత్రను, నేపథ్యాన్ని, చేతిని వేర్వేరు పొరలుగా దాచిపెడితే తర్వాత మార్పులు గంట పని. పొరలు లేకపోతే మళ్లీ ఒక రోజు పని.

కుడివైపు కింది మూలలో యూట్యూబ్ వీడియో నిడివిని చూపిస్తుంది. అక్కడ ఏం గీసినా దాని కింద దాగిపోతుంది, కనుక నాణెం ఆ మూలకు జారకూడదు. సగం చూసి వదిలేసినవాళ్లకు అడుగు అంచున ఎర్ర గీత కూడా కనిపిస్తుంది. అక్షరాలు పెట్టాలనుకుంటే రెండు మూడు మాటలు దాటకూడదు, అవీ పేరులో లేని మాటలై ఉండాలి. తెలుగు అక్షరాలకు పైన గుణింతం, కింద వొత్తు ఉండటం వల్ల నిలువుగా ఎక్కువ చోటు కావాలి. రామభద్ర వంటి లావుపాటి ఫాంటులో, వొత్తులు తక్కువున్న మాటలు ఎంచుకుంటే కుదించినా చదవగలం. ఈ భాగానికి మాత్రం అక్షరాలు లేకుండా వదిలేయడమే మంచిది. కారే నీళ్లు చాలు.

సిరీస్‌కు సంబంధించి మరో జాగ్రత్త ఉంది. ఐదో భాగం థంబ్‌నెయిల్‌ను మొదటి భాగం చూడనివాళ్లు కూడా చూస్తారు. అందులో కండక్టర్ లేకుండా ఖాళీ సీటు గీస్తే, నాలుగో భాగం ముగింపు మొదటి భాగానికి ముందే తెలిసిపోతుంది. అన్ని భాగాల చిత్తు బొమ్మల్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ తప్పు కంటపడుతుంది.

మూడోది, అన్నిటికంటే ఖరీదైనది, ఆరంభం. టీవీలో ముప్ఫై సెకన్ల టైటిల్ సాంగ్‌కు ఒక అర్థం ఉండేది. వంటింట్లో ఉన్న పిల్లలు ఆ పాట విని పరిగెత్తుకొచ్చేవాళ్లు. యూట్యూబ్‌లో మనిషి అప్పటికే వచ్చి కూర్చున్నాడు, బొమ్మ చూసి, పేరు చదివి, వేలితో తట్టి మరీ వచ్చాడు. అతనికి చూపించాల్సింది తాను తట్టిన బొమ్మనే. తొలి పది సెకన్లలో నాణెం కనబడకపోతే, వేరే వీడియోకి వచ్చేశానేమోనని అతనికి సందేహం మొదలవుతుంది.

‘ఆఖరి బస్సు’ మొదటి యానిమాటిక్‌లో లోగో, డిపో మీద సూర్యాస్తమయం, కండక్టర్ నడిచి రావడం, నేపథ్యంలో కథకుడి గొంతు ఉన్నాయనుకుందాం. ముసలావిడ ఎక్కేది యాభయ్యో సెకను దగ్గర. మార్చినదాంట్లో మొదటి రెండు సెకన్లు బస్సు మెట్టు మీద తడి పాదం, దాని చుట్టూ చేరుతున్న నీళ్లు. మూడో సెకనులో కండక్టర్ టికెట్ మిషన్ చూసుకుంటూ, తల ఎత్తకుండానే, “యాడికవ్వా?” అంటాడు. తడి చేయి నాణెం చాపుతుంది. “పాతూరికి ఒక టికెట్టు ఈ నాయనా.” ఇప్పుడు అతను తలెత్తుతాడు, థంబ్‌నెయిల్‌లోని ముఖం ఇదే. “పాతూరా? అది డ్యామ్ నీళ్లల్లో మునిగి నలభై ఏండ్లాయ గదవ్వా!” పదో సెకను అయ్యింది. బస్సులో దీపం ఆరిపోతుంది, అప్పుడు సిరీస్ పేరు మూడు సెకన్లు పడుతుంది, కథ సాగుతుంది. సూర్యాస్తమయం పోయిందని నేపథ్య చిత్రకారుడు బాధపడతాడు. ఆ బాధ న్యాయమైనదే. ఆ షాటును మూడో నిమిషంలో, కండక్టర్ తన ఊరు గుర్తు చేసుకునే చోట పెట్టుకోవచ్చు.

ఈ పది సెకన్లను ఒకసారి శబ్దం తీసేసి చూడాలి. యూట్యూబ్ హోమ్ పేజీలో చాలామందికి వీడియోలు తట్టకముందే శబ్దం లేకుండా ఆడుతుంటాయి, సబ్‌టైటిళ్లు ఉంటే అవి కనిపిస్తాయి. అంటే కొందరికి ఆరంభమే థంబ్‌నెయిల్. తడి పాదం, నాణెం, తలెత్తిన ముఖం అన్నవి మాట లేకుండానే అర్థమవుతాయి. కానీ మునిగిన ఊరి సంగతి మాటల్లోనే ఉంది. కాబట్టి తెలుగు సబ్‌టైటిళ్లను యంత్రానికి వదలకుండా స్వయంగా రాసి, విడుదలతోపాటే జతచేయాలి. సీమ యాసను యంత్రం సరిగ్గా పట్టుకుంటుందని నమ్మి కూర్చోవడం ప్రమాదం.

చిన్నపిల్లల సిరీస్ అయితే లెక్క కొంత మారుతుంది. మూడేళ్ల పిల్ల పేరు చదవదు. పేరు అమ్మానాన్నల కోసం, బొమ్మ పిల్ల కోసం. అందుకే పేరులో కథ ఏమిటో, ఏ వయసువాళ్లకో సూటిగా ఉండాలి, బొమ్మలో మాత్రం పాత్ర ముఖం ప్రతి భాగంలోనూ ఒకే పోలికతో ఉండాలి. పైగా పిల్లల కోసమని గుర్తుపెట్టిన వీడియోలకు 2020 జనవరి నుంచి కామెంట్లు, చివర్లో తర్వాతి భాగం చూపే తెరలు, గంట గుర్తు ఉండవు. పిల్లల వివరాల సేకరణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2019లో కుదిరిన 17 కోట్ల డాలర్ల పరిష్కారం తర్వాత వచ్చిన మార్పు ఇది. తర్వాతి భాగానికి దారి చూపే భారమంతా ప్లేలిస్టు మీద, పోలిక చెడని థంబ్‌నెయిళ్ల మీద పడుతుంది.

విడుదలయ్యాక రెండు అంకెలు చూస్తే చాలు. థంబ్‌నెయిల్ కనబడినవాళ్లలో ఎంతమంది తట్టారన్నది ఒకటి. 30 సెకన్ల తర్వాత ఎంతమంది మిగిలారన్నది రెండోది. యూట్యూబ్ చెప్పిన ప్రకారం సగం ఛానళ్లకు, వీడియోలకు మొదటి అంకె 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. తొలి రోజు అది ఎక్కువగా ఉండి, వారం తర్వాత తగ్గితే కంగారు పడాల్సిన పనిలేదు. మొదట చూసింది స్నేహితులు, సబ్‌స్క్రయిబర్లు, తర్వాత బొమ్మ కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లింది.

రెండు అంకెల్నీ కలిపి చదివితేనే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. తట్టినవాళ్లు తక్కువ, వచ్చినవాళ్లు మాత్రం నిలబడ్డారంటే సినిమా బాగుంది, వాకిలి బాగాలేదు. బొమ్మ మార్చాలి. తట్టినవాళ్లు ఎక్కువై, గ్రాఫు మొదటి సెకన్లలోనే నిటారుగా పడిపోతే బొమ్మ చెప్పినది వీడియోలో వెంటనే దొరకలేదన్నమాట. అప్పుడు ఇంకా ఆకర్షణగా థంబ్‌నెయిల్ చేస్తే పరిస్థితి మరింత పాడవుతుంది. యూట్యూబ్ 2012లోనే ఎన్నిసార్లు తెరిచారన్నదాన్ని పక్కనపెట్టి, ఎంతసేపు చూశారన్నదానికి పెద్దపీట వేసింది. వీడియోలో లేనిదాన్ని పేరులోనూ బొమ్మలోనూ చూపేవాటిని తొలగిస్తామని 2024 డిసెంబర్‌లో భారతదేశానికి ప్రత్యేకంగా ప్రకటించింది కూడా.

బొమ్మ మార్చేటప్పుడు ఊహ మీద ఆధారపడనక్కర్లేదు. ఒకే వీడియోకు మూడు వరకూ థంబ్‌నెయిళ్లు పెట్టి, వేర్వేరు ప్రేక్షకులకు చూపించి పోల్చే ఏర్పాటు 2024 నుంచి యూట్యూబ్ స్టూడియోలో ఉంది. దేనివల్ల ఎక్కువసేపు చూశారో అదే గెలిచినట్టు లెక్క, ఎక్కువమంది తట్టినది కాదు. పిల్లల కోసమని గుర్తుపెట్టిన వీడియోలకు ఈ సౌకర్యం లేదు. ‘ఆఖరి బస్సు’కు పెట్టే మూడు బొమ్మలు రంగులో మాత్రమే తేడా ఉన్నవైతే ఏమీ తేలదు. ఒకదాంట్లో కండక్టర్ ముఖం, నాణెం. ఒకదాంట్లో తడి పాదం ఒక్కటే. ఇంకోదాంట్లో నీళ్ల కింద కనబడే ఊరు, పైన బస్సు దీపాలు. ఇలా మూడు వేర్వేరు ఆలోచనలు పోటీపడాలి. ఫలితం రావడానికి రెండు వారాల వరకూ పట్టవచ్చు, చూసేవాళ్లు తక్కువైతే తేడా తేలకుండానే ముగియవచ్చు.

ఆ రెండు వారాల్లో రెండో భాగం విడుదలై ఉంటుంది, మూడో భాగం రెండరింగ్‌లో ఉంటుంది. ఆ రెండింటి పేర్లు, బొమ్మలు ఫలితాన్ని బట్టి సర్దుకోవచ్చు. ఆరంభం మార్చుకోగలిగేది మాత్రం ఇంకా యానిమాటిక్ దశలో ఉన్న నాలుగో భాగానికే. కాబట్టి మొదటి భాగం గ్రాఫులో జనం ఏ సెకను దగ్గర వదిలేశారో ఆ సంగతి ముందుగా చేరాల్సింది స్టోరీబోర్డు గీసే మనిషి దగ్గరికి.